పార్ట్ టైమ్ ట్రేడింగ్ ప్లాన్ – పరవాడ జనరల్ షిఫ్ట్ ఉన్నన్నాళ్లు

ఇది నా కోసం నేను రాసుకున్న ప్లాన్, ఒక కాపీ మా ఆవిడ దగ్గర కూడా ఉంటుంది. నేను ఫార్మా సిటీలో క్యూసీ ల్యాబ్‌లో చేస్తాను, పొద్దున్న 9 నుంచి సాయంత్రం 5:30 దాకా డ్యూటీ, ల్యాబ్‌లోకి వెళ్లేటప్పుడు ఫోన్ లాకర్‌లో పెట్టేయాలి. ఫోన్ చేతికొచ్చేది రెండే సార్లు, 1 గంటకి లంచ్‌లో, 3:05కి టీ బ్రేక్‌లో. మార్కెట్ ఏమో 9:15కి మొదలై 3:30కి అయిపోతుంది. కాబట్టి కింద ఉన్న ప్రతి రూలూ ఈ రెండు టైముల్ని బట్టే పెట్టుకున్నా, ల్యాబ్ మధ్యలో వాష్‌రూమ్ పేరు చెప్పి లాకర్ దగ్గరికెళ్లి చూడాల్సి వచ్చే ట్రేడ్ ఏదైనా సరే అది నాది కాదు.

డబ్బు

ట్రేడింగ్ అకౌంట్‌లో 3,00,000 రూపాయలు. బోనస్‌లోంచి పక్కన పెట్టింది, అప్పు కాదు. పీఎఫ్ లోన్ తీసి గానీ క్రెడిట్ కార్డు గీకి గానీ పిల్లాడి ఫీజు డబ్బు కదిపి గానీ ఇందులో వెయ్యకూడదు. నష్టమొస్తే పైనుంచి డబ్బు వేసి కవర్ చేసుకోవడం లేదు, సిప్‌లు ఆపడమూ లేదు.

ఏం కొంటాను, ఏం ముట్టుకోను

నిఫ్టీ 200లో ఉన్న షేర్లు, డెలివరీ మాత్రమే. ఆప్షన్స్, ఫ్యూచర్స్ వద్దు, ఇంట్రాడే వద్దు, మార్జిన్ వద్దు. 2021–22 నుంచి 2023–24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే అని సెబీ లెక్క తీసి చెప్పింది, ఇంట్రాడేలో కూడా 2022–23లో 10 మందిలో 7గురు పోగొట్టుకున్న వాళ్లే. రోజంతా స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు, లాకర్‌లో ఫోన్ పెట్టి పనిచేసే నాకు అక్కడ చోటు లేదు.

మా కంపెనీ షేరు అసలు కొనను, అమ్మను. యూఎస్ఎఫ్‌డీఏ వాళ్లు ఆడిట్‌కి వస్తే ఏం అడిగారు, ఏ బ్యాచ్ ఫెయిల్ అయింది అన్నది బయటివాళ్లకన్నా ముందు మా బెంచ్ దగ్గరే తెలుస్తుంది, అది తెలిసి ట్రేడ్ చేస్తే ఇన్‌సైడర్ ట్రేడింగే అవుతుంది, ఉద్యోగం పోతుంది, కేసూ అవుతుంది. మా ఆవిడ అకౌంట్లో గానీ తమ్ముడి అకౌంట్లో గానీ కూడా వద్దు, ఇంటికొచ్చి ఆ మాటలు చెప్పడం కూడా వద్దు.

ఎంట్రీ

రాత్రి 8:30 నుంచి 9 దాకా చార్టులు చూసి గరిష్ఠంగా ఐదు షేర్లు వాచ్‌లిస్ట్‌లో పెడతాను. షేరు 200 రోజుల యావరేజ్ పైన ఉండాలి, 50 రోజులది 200 రోజులదానికన్నా పైన ఉండాలి, కనీసం 15 ట్రేడింగ్ రోజులుగా 10 శాతం లోపు రేంజ్‌లోనే తిరుగుతుండాలి. నిఫ్టీ నిన్నటి క్లోజింగ్ దాని 50 రోజుల యావరేజ్ కింద ఉంటే ఆరోజు కొత్తది ఏదీ కొనడం లేదు, షేరు ఎంత ముద్దొస్తున్నా సరే.

కొనేది 3:05 నుంచి 3:20 మధ్యే. పొద్దున్నే కొనేలా ఆర్డర్ పెట్టి వదిలెయ్యొచ్చు కదా అని చాలామంది అంటారు, కానీ 10 గంటలకి కొనేసి 10:30కి పడిపోతే మధ్యాహ్నం లంచ్ దాకా స్టాప్ లాస్, అంటే నష్టం పెరక్కుండా అమ్మేసే ఆర్డర్, లేకుండా ఆ షేరు ఒంటరిగా ఉంటుంది, అది నాకు ఇష్టం లేదు. 3:05కి చూసినప్పుడు ధర ఆ రేంజ్ పై గీత దాటి ఉండాలి, గీతకన్నా 3 శాతం మించి పైకి పోయి ఉండకూడదు, అప్పటిదాకా అయిన వాల్యూమ్ 20 రోజుల సగటుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. వచ్చే ఐదు ట్రేడింగ్ రోజుల్లో రిజల్ట్స్ ఉంటే వదిలేయాలి. ఇందులో ఒక్కటి తక్కువైనా కొనను, "దాదాపు ఉంది" అన్నది లేదు.

స్టాప్ ఎక్కడంటే చివరి ఐదు రోజుల కనిష్ఠ ధర కింద. అది 6 శాతం కన్నా దూరమైతే ఆ ట్రేడ్ వద్దు.

ఎన్ని షేర్లు

ఒక్క ట్రేడ్‌లో పోతే 1,500 దాకానే పోవాలి. ఉదాహరణకి 848 దగ్గర కొంటున్నా, స్టాప్ 814, అంటే షేరుకి 34 రూపాయలు, 1,500ని 34తో భాగిస్తే 44 షేర్లు, పెట్టుబడి 37,312. ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ, డీపీ చార్జీ కలిపి ఇంకో వంద దాకా పోతుంది, అది నష్టంలోనే కలిపి రాసుకోవాలి. ఒక షేరులో 75,000 మించొద్దు, ఒకేసారి నాలుగు షేర్లు మించొద్దు, ఒకే సెక్టార్‌లో రెండు మించొద్దు.

కొన్న వెంటనే, టీ తాగకపోయినా పర్లేదు, జీటీటీలు, అంటే ధర అక్కడికొస్తే వాటంతటవే వెళ్లే ఆర్డర్లు, రెండూ పెట్టాలి. 22 షేర్లకి స్టాప్ 814, టార్గెట్ 916 కలిపి ఓసీఓ, అంటే ఒకటి తగిలితే రెండోది రద్దయ్యేది, మిగతా 22కి స్టాప్ ఒక్కటే. అమ్మే లిమిట్ ధర ట్రిగ్గర్‌కన్నా 2 శాతం కింద, అంటే 798 పెట్టాలి, లేకపోతే ధర జారిపోయి ఆర్డర్ అలాగే వేలాడుతుంది. డీడీపీఐ, అంటే నా డీమ్యాట్‌లోంచి షేర్లు తీసి అమ్మడానికి బ్రోకర్‌కి ఇచ్చిన అనుమతి, యాక్టివ్‌లో ఉందో లేదో నెలకోసారి చూసుకోవాలి, అది లేకపోతే టీపిన్ అనే పిన్ నంబర్ కొట్టనిదే అమ్మకం జరగదు, ల్యాబ్‌లో ఉండి నేను కొట్టలేను.

గ్యాప్ డౌన్‌లో ధర 798 కింద తెరుచుకుంటే లంచ్‌లో మార్కెట్ ఆర్డర్‌తో అమ్మేయాలి. రికవర్ అవుతుందేమో అని 3:05 దాకా ఆగడం లేదు.

నష్టం హద్దులు

రోజుకి 3,000. స్టాపులు తగిలి ఆరోజు బుక్ అయిన నష్టం చార్జీలతో సహా 3,000కి చేరితే 3:05కి కొత్త ఎంట్రీ లేదు, వాచ్‌లిస్ట్ కూడా తెరవను. ఏదీ బుక్ కాకపోయినా చేతిలో ఉన్నవన్నీ కలిపి ఆ ఒక్కరోజే 4,500 పడితే అప్పుడూ కొనడం లేదు, కానీ భయపడి ఉన్నవి అమ్మడమూ లేదు, వాటి స్టాపులు వాటికున్నాయి. గ్యాప్ వల్ల ఒక్క ట్రేడ్‌లోనే 2,600 పోయిందనుకోండి, 1,500 అని కాదు 2,600 అనే లెక్క, ఆరోజుకి మిగిలింది 400, అంటే ఇంకో ట్రేడ్‌కి చాలదు కాబట్టి ఆరోజు అయిపోయినట్టే.

వారానికి 6,000 పోతే వచ్చే సోమవారం దాకా ఎంట్రీలు బంద్. నెలకి 12,000 పోతే మిగతా నెలంతా డబ్బు పెట్టకుండా కాగితం మీదే. అకౌంట్ మొత్తం 2,55,000కి దిగితే ఉన్నవన్నీ అమ్మేసి మూడు నెలలు ఆపేయాలి, డబ్బు బ్యాంకులోకి తెచ్చేయాలి. లాభం వచ్చిన వారం హద్దులు పెంచడం లేదు.

బయటికి రావడం

టార్గెట్‌లో సగం అమ్ముడయ్యాక మిగతా సగానికి స్టాప్ కొన్న ధరకి తెచ్చి, తర్వాత 20 రోజుల యావరేజ్ కింద క్లోజ్ అయితే మర్నాడు లంచ్‌లో అమ్మేయాలి. 15 ట్రేడింగ్ రోజులైనా కదలకపోతే అమ్మేయాలి. స్టాప్ పైకి జరపొచ్చు, కిందకి మాత్రం ఎప్పుడూ జరపకూడదు, పడిన షేరు ఇంకా కొని యావరేజ్ చేయకూడదు.

రికార్డు

ప్రతిరోజూ 3:20కి లాకర్ మూసేముందు మా ఆవిడకి ఒక మెసేజ్, ఇదే ఫార్మాట్‌లో: "బుక్ అయిన నష్టం 1,590. ఈ వారం మొత్తం 3,120. కొత్త ఎంట్రీ ఒకటి. జీటీటీలు పెట్టాను." హద్దు దాటి కూడా కొన్నట్టు కనిపిస్తే తను అడగొచ్చు, నేను చిరాకు పడకుండా మర్నాడు లంచ్‌లో అది అమ్మేయాలి, లాభంలో ఉన్నా సరే.

కాంట్రాక్ట్ నోట్లు ఒక ఫోల్డర్‌లో. ఏడాదిలోపు అమ్మినవాటి లాభం మీద 20 శాతం టాక్స్, దాన్ని లాభంలోంచి అప్పుడే తీసి పక్కన పెట్టాలి. నష్టమొచ్చినా రిటర్న్ గడువులోపే వేయాలి, అప్పుడే ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లొచ్చు.

ఆదివారం పొద్దున్న అరగంట, ఆ వారం ట్రేడ్లు ఒక్కోటి చార్ట్‌లో తెరిచి రూల్ ప్రకారం కొన్నానా లేదా అన్నది టిక్ పెట్టాలి. రూల్ ఏదైనా మార్చాలంటే అప్పుడే, అదీ కనీసం 30 ట్రేడ్లు అయ్యాకే, ఇద్దరం కాపీల మీద తేదీ వేసి సంతకం పెట్టాకే. షిఫ్ట్ మారి మధ్యాహ్నం బ్రేక్ 3:30 తర్వాతకి పోతే ఈ ప్లాన్ చెల్లదు, కొత్తది రాసేదాకా ట్రేడింగ్ లేదు.