సబ్జెక్ట్: ఓఎస్సీపీ కోర్సు ఫీజుకీ, 12 రోజుల స్టడీ లీవుకీ అప్రూవల్ కావాలి (జనవరి 23 లోపు)

మాధవి గారూ, నమస్తే అండి.

మొన్న వన్ ఆన్ వన్‌లో పైపైన చెప్పాను కదా, మీరు లెక్కలన్నీ రాసి మెయిల్ పెట్టు, ఫైనాన్స్‌తో నేను మాట్లాడతా అన్నారు, అందుకే ఇది. కొంచెం పొడుగ్గా వచ్చింది. మీటింగుల మధ్యలో చూస్తుంటే ముందు ఈ కింద పేరా ఒక్కటి చదవండి, మిగతాది తీరిగ్గా చూడొచ్చు.

నేను అడుగుతున్నది ఆఫ్‌సెక్ వాళ్ళ పెన్-200 కోర్సు, ఓఎస్సీపీ సర్టిఫికేషన్ పరీక్షకి తయారు చేసేది ఇదే. 90 రోజుల ల్యాబ్, ఒక పరీక్ష అటెంప్ట్ కలిపి బండిల్ 1,749 డాలర్లు. డాలర్ 90 రూపాయలు వేసుకుంటే 1,57,410, దాని మీద 18% జీఎస్టీ కలిపితే మొత్తం 1,85,744 రూపాయలు. లీవ్ వచ్చేసి 12 పని దినాలు, అది కూడా ఒకేసారి కాదు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు విడగొట్టి. మన టీమ్ ట్రైనింగ్ బడ్జెట్‌లో ఇంకా 2,40,000 మిగిలే ఉంది, మార్చి 31 దాటితే అది ఎలాగూ పోతుంది. అంటే కొత్తగా ఎక్కడా డబ్బులు అడగాల్సిన పని లేదండి.

ఇప్పుడు అసలు ఎందుకు అనేది.

కిందటి సెప్టెంబర్లో వెండర్ ఇచ్చిన పెన్‌టెస్ట్ రిపోర్ట్ మీకు గుర్తుండే ఉంటుంది, 94 పేజీలు. అందులో 70 పేజీల పైన స్కానర్ అవుట్‌పుట్టే, టీఎల్ఎస్ వెర్షన్ పాతది, ఫలానా హెడర్ లేదు, ఇలాంటివి. క్రిటికల్ సున్నా అని వచ్చింది, మనం కూడా హమ్మయ్య అనుకున్నాం. తర్వాత మూడు వారాలకి నేను రీఫండ్స్ ఏపీఐ కొత్త బిల్డ్ చూస్తూ, ఒక టెస్ట్ మర్చంట్ టోకెన్‌తో నా రీఫండ్ తెరిచి, ఊరికే చివరి అంకె మార్చా.

```
GET /v2/refunds/884213
GET /v2/refunds/884214
```

మొదటిది నా టెస్ట్ మర్చంట్‌ది. రెండోది ఇంకెవరిదో, అది కూడా 200 ఓకే అని వచ్చేసింది, కస్టమర్ పేరు, ఫోన్ నంబర్, కార్డు చివరి నాలుగంకెలు అన్నీ కనపడుతున్నాయి. టోకెన్ కరెక్టా కాదా అని చూస్తోంది తప్ప ఆ రీఫండ్ ఆ మర్చంట్‌దేనా అని సర్వర్ చూడట్లేదు. ఆ రాత్రి పదకొండింటికి మీకు ఫోన్ చేశా, తెల్లారేసరికి ఫిక్స్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళింది. సెర్ట్-ఇన్ రూల్ ప్రకారం 180 రోజుల లాగ్స్ పెట్టుకున్నాం కాబట్టి మొత్తం తిరగేసి చూస్తే బయటివాళ్ళెవరూ దాన్ని వాడలేదని తేలింది. అదే ఎవరైనా ముందు పట్టుకుని డేటా లాగేసి ఉంటే మనకి తెలిసిన దగ్గర్నుంచి 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి రిపోర్ట్ చెయ్యాలి. డీపీడీపీ చట్టంలో సరైన సెక్యూరిటీ పెట్టుకోకపోతే పెనాల్టీ 250 కోట్ల దాకా ఉంది, అది పూర్తిగా అమల్లోకి వచ్చాక ఇలాంటిది జరిగితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక మాట ముందే చెప్పేస్తా, ఆ బగ్ లాంటివి పట్టుకోడం ఓఎస్సీపీ చదివితే వస్తుందని కాదు, అందులో ఏపీఐ బిజినెస్ లాజిక్ మీద పెద్దగా ఉండదు, మొబైల్ యాప్ టెస్టింగ్ కూడా ఉండదు. ఈ కథ చెప్పింది ఎందుకంటే మన సిస్టమ్ తెలిసిన మనిషి కూర్చుని చేత్తో చూస్తే దొరికేది వేరు, వారం రోజులకి వచ్చి స్కానర్ నడిపి వెళ్ళేవాళ్ళకి దొరికేది వేరు. ఆ పని మనం లోపల చెయ్యగలం. కానీ చేసినా లెక్కలోకి రావట్లేదు, నా బాధ అదండి.

పోయిన ఏడాది మేం ఇంటర్నల్ నెట్‌వర్క్ టెస్ట్ మొత్తం సొంతంగా చేశాం కదా, నేనూ సౌమ్యా కలిసి 11 రోజులు కూర్చున్నాం. పీసీఐ అసెస్‌మెంట్‌లో క్యూఎస్ఏ అడిగిన మొదటి ప్రశ్న, ఈ టెస్ట్ చేసినవాళ్ళ అర్హత ఏంటి, ఆధారం చూపించండి అని. పీసీఐ డీఎస్ఎస్ 11.4.2 లో ఇంటర్నల్ పెన్‌టెస్ట్ 12 నెలలకి ఒకసారైనా చెయ్యాలి, కంపెనీలో మనిషే చెయ్యొచ్చు, బయటివాళ్ళే అక్కర్లేదు అని స్పష్టంగా ఉంది, కాకపోతే ఆ మనిషి క్వాలిఫైడ్ అయ్యుండాలి, టెస్ట్ చేసే సిస్టమ్స్ మీద పెత్తనం లేని ఇండిపెండెంట్ మనిషి అయ్యుండాలి. రెండోది మనకి ఓకే, సర్వర్లు, ఫైర్‌వాల్స్ అన్నీ ఇన్‌ఫ్రా టీమ్ చేతిలో ఉన్నాయి, వాళ్ళ రిపోర్టింగ్ కూడా వేరు. మొదటి దానికి మా దగ్గర చూపించడానికి కాగితం లేదు. చివరికి అదే టెస్ట్ మళ్ళీ వెండర్‌తో 3,10,000 పెట్టి చేయించాం, వాళ్ళు రాసిన ఫైండింగ్స్‌లో ఆరింటికి నాలుగు మేం అప్పటికే రాసినవే.

కాగితం కోసమే అయితే ఇంకా తేలికైనవి ఉన్నాయి, మల్టిపుల్ చాయిస్‌తో అయిపోయేవి. అవి వద్దనుకున్నా. ఓఎస్సీపీ పరీక్ష 23 గంటల 45 నిమిషాలు, కెమెరా ఆన్‌లో పెట్టి ప్రాక్టర్ చూస్తుంటాడు, మూడు విడి మెషిన్లకి 60 మార్కులు, యాక్టివ్ డైరెక్టరీ సెట్‌కి 40, పాస్ అవ్వాలంటే 70 రావాలి. ఆ తర్వాత ఇంకో 24 గంటల్లో పూర్తి రిపోర్ట్ రాసి పంపాలి, ఎలా లోపలికి వెళ్ళావో స్టెప్ బై స్టెప్, వాళ్ళు చదివి అలాగే చేసి చూస్తే రావాలి. మన రోజువారీ పనీ ఇదే కదండి, కనుక్కోవడం ఒక సగం, డెవలపర్‌కి అర్థమయ్యేలా రాయడం ఇంకో సగం. క్లయింట్లు పంపే సెక్యూరిటీ క్వశ్చనేర్లలో టెస్టర్ సర్టిఫికేషన్ ఏంటి అనే గడి దగ్గర మనం ఈ ఏడాది మూడు సార్లు "వెండర్ ద్వారా" అని రాశాం, అక్కడా పనికొస్తుంది.

ఇంకో కారణం నా సొంత లోటు. వెబ్ వైపు నాకు ధైర్యం ఉంది, యాక్టివ్ డైరెక్టరీ దగ్గరకొచ్చేసరికి నేను ఇంకా తడుముకుంటున్నా. జూన్‌లో ఇన్‌ఫ్రా వాళ్ళ పర్మిషన్ తీసుకుని టెస్ట్ డొమైన్‌లో కెర్బెరోస్టింగ్ ట్రై చేశాం, మామూలు యూజర్ అకౌంట్‌తో సర్వీస్ టికెట్లు అడిగి తెచ్చుకుని ఆఫ్‌లైన్‌లో పాస్‌వర్డ్ పగలగొట్టడం అన్నమాట. ఒక బ్యాకప్ సర్వీస్ అకౌంట్ 40 నిమిషాల్లో దొరికేసింది, పాస్‌వర్డ్ కంపెనీ పేరు, @, సంవత్సరం. సరే దొరికింది, అక్కడి నుంచి డొమైన్ అడ్మిన్ దాకా దారి ఉందా లేదా అని చూద్దామంటే రెండు రోజులు కూర్చున్నా నాకు తేలలేదు. దారి లేదో, నాకు కనపడలేదో ఇప్పటికీ నేను ఖచ్చితంగా చెప్పలేను, ఇన్‌ఫ్రా వాళ్ళు అడిగితే సరైన సమాధానం ఇవ్వలేకపోయా. అప్పటి నుంచి నాకు అది మనసులో ఉండిపోయింది. పెన్-200 లో ఏడీ మీద చాలా ఉంది, పరీక్షలో కూడా మామూలు యూజర్ లాగిన్ చేతికిచ్చి ఇక్కడి నుంచి వెళ్ళు అంటారు, సరిగ్గా నేను ఆగిపోయిన చోటే.

మిగతా ఆప్షన్లు కూడా చూశాను. సాన్స్ కోర్సులు బావుంటాయి కానీ ఖర్చు దీనికి కొన్ని రెట్లు, మన బడ్జెట్‌కి అందదు. సీఐఎస్ఎస్‌పీ పరీక్ష ఫీజు 749 డాలర్లే, కానీ అది మేనేజ్‌మెంట్ వైపు, పెన్‌టెస్ట్ క్వాలిఫికేషన్‌గా క్యూఎస్ఏ ముందు పెట్టలేం, ఒకట్రెండేళ్ళ తర్వాత చూస్తా.

డబ్బు సంగతి. ఇంటర్నల్ నెట్‌వర్క్ టెస్ట్ లోపలే చేస్తే ఏడాదికి 3,10,000 మిగులుతుంది. పెద్ద రిలీజ్‌ల ముందు వెండర్‌ని విడిగా పిలుస్తున్నాం, పోయిన ఏడాది రెండు సార్లు, ఒక్కోటి 1,80,000, అవి కూడా మనమే చెయ్యొచ్చు. మొత్తం 6,70,000. ఐతే ఇది అంతా మిగులు అని ఫైనాన్స్‌కి చెప్పొద్దండి, ఆ పనికి నా టైమ్ ఏడాదికి ఓ 25 రోజులు పోతుంది, అది కూడా ఖర్చే. నా జీతం ప్రకారం తీసేసినా మొదటి ఏడాదిలోనే ఫీజు వెనక్కి వస్తుంది. ఎక్స్‌టర్నల్ టెస్ట్ మాత్రం వెండర్ దగ్గరే ఉంచుదాం, బయటి కన్ను ఒకటి ఉండాలి. ఆర్‌బీఐ కోసం ఏటా చేయించే సిస్టమ్ ఆడిట్ సెర్ట్-ఇన్ ఎంప్యానెల్డ్ ఆడిటరే చెయ్యాలి, దాని జోలికి మనం వెళ్ళం. క్యూఎస్ఏకి కూడా ఒకసారి ముందుగానే మెయిల్ పెట్టి ఓఎస్సీపీ ఉంటే ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా తెచ్చుకుంటే మంచిది, మీరు సరే అంటే రేపే డ్రాఫ్ట్ పంపిస్తా, వాళ్ళు కాదంటే ఫీజు కట్టకముందే తెలుస్తుంది.

లీవ్ ఇలా అనుకున్నా. ల్యాబ్ ఫిబ్రవరి 2 సోమవారం మొదలుపెడతా. ఫిబ్రవరి, మార్చిల్లో శుక్రవారాలు ఎనిమిది, అవి స్టడీ లీవ్. అందులో మార్చి 20 ఉగాది మర్నాడు, సగం టీమ్ ఊళ్ళకి వెళ్తారు, ఆ రోజు నేను డ్యూటీలో ఉండి బదులు ఏప్రిల్ 10 తీసుకుంటా. మిగతా నాలుగు రోజులు పరీక్ష వారం, ఏప్రిల్ 20 నుంచి 23 వరకు. స్లాట్ దొరికితే 21 మంగళవారం పొద్దున 11:30 కి మొదలై బుధవారం 11:15 కి అయిపోతుంది, రిపోర్ట్ గురువారం 11:15 లోపు పంపాలి, 24 శుక్రవారం ఆఫీసుకి వచ్చేస్తా. మిగతా చదువంతా నా టైమ్‌లోనే, ఆగస్టు నుంచి రోజూ పొద్దున 5 నుంచి 7 వరకు కూర్చుంటున్నా, పోర్ట్‌స్విగ్గర్ ఫ్రీ ల్యాబ్స్ చాలా వరకు అయిపోయాయి, హ్యాక్ ద బాక్స్ సబ్‌స్క్రిప్షన్ సొంత డబ్బులతోనే కట్టుకున్నా.

శుక్రవారాలు వల్నరబిలిటీ ట్రయాజ్, రిలీజ్ సైన్ ఆఫ్ సౌమ్య చూసుకుంటానంది, తనతో మాట్లాడే రాస్తున్నా, బదులుగా సోమవారం ఆన్‌కాల్ నేను తీసుకుంటా. ఇన్సిడెంట్ ఏదైనా వస్తే మామూలు శుక్రవారాల్లో నాకు ఫోన్ చెయ్యొచ్చు, ల్యాప్‌టాప్ ముందే ఉంటా. పరీక్ష జరిగే 21, 22 తేదీల్లో మాత్రం కుదరదు, ప్రాక్టర్ ముందు ఫోన్ ముట్టుకోలేను, ఆ రెండు రోజులు ఎస్కలేషన్ మీ పేరు మీద పెట్టనిస్తారా?

నా వైపు నుంచి: మొదటిసారి పాస్ కాకపోతే రీటేక్ ఫీజు 249 డాలర్లు నేనే కట్టుకుంటా, దానికి మళ్ళీ స్టడీ లీవ్ అడగను, నా సొంత లీవులు వాడతా. పాస్ అయ్యాక 12 నెలల లోపు కంపెనీ వదిలేస్తే మిగిలిన నెలల లెక్కన ఫీజు తిరిగి కడతానని బాండ్ రాసిస్తా, హెచ్‌ఆర్ ఫార్మాట్ ఉంటే పంపమనండి. ఓఎస్సీపీతో పాటు వచ్చే ఓఎస్సీపీ ప్లస్‌కి మూడేళ్ళే వ్యాలిడిటీ, మామూలు ఓఎస్సీపీకి ఎక్స్‌పైరీ లేదు, కాబట్టి రెన్యువల్ ఖర్చు అని మళ్ళీ మీ దగ్గరకి రావాల్సిన పని ఉండదు. మే నుంచి నెలకి రెండు సార్లు గురువారం మధ్యాహ్నం గంటసేపు డెవలపర్లకి, ఇన్‌ఫ్రా వాళ్ళకి సెషన్ పెడతా, మొదటిది సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్స్ మీదే. సెప్టెంబర్ పీసీఐ సైకిల్‌కి ఇంటర్నల్ టెస్ట్ రిపోర్ట్ నా పేరు మీద వెళ్ళాలని నా టార్గెట్.

ఇన్‌వాయిస్ ఈ ఫైనాన్షియల్ ఇయర్‌లో పడాలంటే, ఫిబ్రవరి 2 కి ల్యాబ్ రావాలంటే అప్రూవల్ జనవరి 23 శుక్రవారం లోపు కావాలి. విదేశీ పేమెంట్ కాబట్టి జీఎస్టీ రివర్స్ ఛార్జ్‌లో వస్తుందేమో, క్రెడిట్ దొరుకుతుందేమో ఫైనాన్స్‌ని ఒకసారి అడగండి, దొరికితే ఖర్చు ఇంకా 28 వేలు తగ్గుతుంది. ఫైనాన్స్ వాళ్ళకి లెక్కల షీట్, కోర్సు సిలబస్, లీవ్ తేదీలు విడిగా అటాచ్ చేశాను.

బుధవారం మధ్యాహ్నం 3 తర్వాత మీ క్యాలెండర్ ఖాళీగా కనపడుతోంది, ఓ పదిహేను నిమిషాలు ఇస్తే వచ్చి కలుస్తా. 12 రోజులు మరీ ఎక్కువ అనిపిస్తే శుక్రవారాలు కొన్ని తగ్గించుకోగలను, పరీక్ష వారం నాలుగు రోజులు మాత్రం దయచేసి అలాగే ఉంచండి.

థ్యాంక్స్ అండి,
కిరణ్
ప్రొడక్ట్ సెక్యూరిటీ టీమ్, మాదాపూర్ ఆఫీస్