ఇంట్లో పెద్దావిడను చూసుకోవడానికి ఒప్పంద పత్రం

2025 జూన్ 1న రాజ్యలక్ష్మి గారి కుటుంబం తరఫున ఆమె కూతురు సరళ, కేర్‌టేకర్‌గా పనికి వస్తున్న మరియమ్మ గారు ఇద్దరూ చదువుకుని, ఒప్పుకుని రాసుకున్న కాగితం ఇది. పని రేపు సోమవారం నుంచి మొదలవుతుంది. మొదటి నెల ఇద్దరికీ ట్రయల్.

పని: రాజ్యలక్ష్మి గారికి 78 ఏళ్లు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నడుస్తారు. స్నానం, బట్టలు మార్చడం, బాత్రూమ్‌కి తీసుకెళ్లి తేవడం, వేళకు తినిపించడం, ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామం దగ్గరుండి చేయించడం మరియమ్మ గారి పని. పెద్దావిడ గది, బట్టలు శుభ్రంగా ఉంచాలి. మందులు సరళ వారానికి సరిపడా డబ్బాలో సర్దిపెడతారు. అందులోవి వేళకు ఇచ్చి నోట్‌బుక్‌లో టైమ్ రాయాలి. పెద్దావిడ వద్దంటే బలవంతం చేయకుండా సరళకి ఫోన్ చేయాలి. ఇంజెక్షన్లు ఇవ్వడం, డోసు మార్చడం మరియమ్మ గారి పని కాదు. మిగతా ఇంటివాళ్లకు వంట, అంట్లు, ఇల్లు ఊడవడం కూడా కాదు. ఎవరైనా చెప్పినా చేయనక్కర్లేదు.

రాజ్యలక్ష్మి గారు పడిపోతే ఒక్కరే ఎత్తకూడదు. కదిలించకుండా పక్కనే ఉండి ముందు అంబులెన్స్‌కి, తర్వాత సరళకి ఫోన్ చేయాలి.

వేళలు: సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. మధ్యాహ్నం ఒక గంట విశ్రాంతి, ఆ గంట ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. ఆదివారం సెలవు. ఇది కాక నెలకు ఒక రోజు జీతంతో సెలవు. ఒంట్లో బాగోలేకపోతే ఉదయం 7 లోపు చెబితే చాలు. జ్వరం, దగ్గు ఉంటే రాకపోవడమే మంచిది, ఆ రోజుకి జీతం కోయం.

జీతం: నెలకు 20,000 రూపాయలు, ప్రతి నెలా 5వ తేదీ లోపు బ్యాంకు ఖాతాలో. 6 దాటి ఉండాల్సి వస్తే గంటకు 120 రూపాయలు అదనం. రాత్రి ఉండమని ముందుగా అడగాలి; కాదనే హక్కు మరియమ్మ గారికి ఉంది. మధ్యాహ్న భోజనం, టీ ఇంట్లోనే, వాటికి జీతంలో కోత లేదు. అడ్వాన్స్ ఇస్తే నెలకు 2,000కి మించి పట్టుకోము. ఏదైనా పొరపాటున పగిలితే డబ్బు అడగము.

హాల్లో కెమెరా ఉంది. పడకగదిలో, బాత్రూమ్‌లో లేదు, పెట్టము. పెద్దావిడ ఫొటోలు, ఆరోగ్యం సంగతులు స్టేటస్‌లోనో బయటివాళ్లకో పెట్టకూడదు.

మానుకోవాలంటే: ట్రయల్ నెలలో మూడు రోజుల ముందు, తర్వాత 15 రోజుల ముందు ఎవరైనా చెప్పాలి. కుటుంబం అంత గడువు ఇవ్వలేకపోతే మిగిలిన రోజుల జీతం చెల్లించాలి. పెద్దావిడ ఆసుపత్రిలో చేరినా, కాలం చేసినా ఆ రోజు నుంచి 15 రోజుల జీతం ఇస్తాం. కొట్టడం, దొంగతనం, మత్తులో పనికి రావడం జరిగితే గడువు ఉండదు. ఇంట్లో ఎవరైనా మరియమ్మ గారితో అసభ్యంగా ప్రవర్తించినా, జీతం పది రోజులు దాటి ఆలస్యమైనా ఆమె ఆ రోజే మానేయవచ్చు. చేసిన రోజుల డబ్బు మూడు రోజుల్లో ఇవ్వాలి.

మార్పులు ఏవైనా ఇద్దరూ ఒప్పుకుని ఈ కాగితం మీదే రాసి సంతకం పెట్టాలి. రెండు ప్రతులు, చెరొకటి.

సంతకాలు: సరళ, మరియమ్మ
సాక్షి: పక్కింటి సుధాకర్