నీ జీతం చీటీ గురించి

తమ్ముడూ, రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. కింద ఒక్క మాట కూడా రాయలేదు. "చేతికి ఇంతే వచ్చిందేంటక్కా" అని అడగలేక పంపావనుకున్నాను. గుణుపురంలో ఇరవై ఏళ్ళుగా ఇలాంటి చీటీలు తయారుచేసే పనే నాది, అందుకే వివరంగా రాస్తున్నాను.

నీ అంకెలు మాత్రం ఇక్కడ రాయను. రాయగడలో మీ రూములో నలుగురుంటారు, ఫోను చేతులు మారుతుంది. లెక్క అర్థం కావడానికి 18,000 జీతం అనుకుందాం. అందులో బేసిక్, డీఏ కలిపి 12,000. మిగతాది ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం.

ముందు ఎడమవైపు చూడు. పైన ఎల్‌ఓపీ అని ఉండి పక్కన 3 ఉంది కదా, అంటే జీతం లేని సెలవు మూడు రోజులు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజులవే అయ్యుంటాయి. చేరి రెండు నెలలే కాబట్టి నీ ఖాతాలో ఇంకా సెలవులు లేవు. ఆ మూడు రోజుల వాటా బేసిక్‌లోనే కాదు, అద్దె భత్యంలో, ప్రయాణ భత్యంలో, అన్నిట్లోనూ తగ్గింది. 18,000 జీతానికి ముప్పై రోజుల నెలలో మూడు రోజులంటే 1,800. నీకు పెద్ద తేడా వచ్చింది ఇక్కడే. కుడివైపు కోతల్ని చూసి కంగారు పడకు.

కుడివైపు మొదటిది పీఎఫ్. బేసిక్, డీఏ మీద 12 శాతం. పూర్తి నెల పనిచేస్తే 12,000కి 1,440. ఇది పోయిన డబ్బు కాదు, నీ పేరు మీదే ఉంటుంది. కంపెనీ కూడా అంతే వేయాలి. ఆ 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకి, మిగతా 3.67 శాతం నీ పీఎఫ్‌కి వెళుతుంది. ఆ వాటా నీ కోతల్లో కనపడదు. కంపెనీ నిజంగా కడుతోందా అన్నది నువ్వే చూసుకోవాలి. నీ పీఎఫ్ నంబరైన యూఏఎన్‌కి కలిపిన ఫోను నంబరు నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వస్తుంది. ప్రతి నెల డబ్బూ తరువాతి నెల 15వ తేదీలోగా కట్టాలి, కాబట్టి ఆ తరువాతే చూడు.

వృత్తి పన్ను చిన్నదే. ఒడిశాలో ఏడాది జీతం 1,60,000 దాటి 3,00,000 లోపు ఉంటే ఏడాదికి 1,500, అంటే నెలకు 125. పార్వతీపురంలో మీ స్నేహితుడికి 18,000 జీతానికే 150 కోస్తారు. ఆంధ్రా లెక్క వేరు. నువ్వు పనిచేసేది ఇక్కడ కాబట్టి నీకు ఒడిశా లెక్కే.

ఈఎస్‌ఐ దగ్గర కాస్త ఆగు. నీ దగ్గర కోసేది 0.75 శాతమే. కంపెనీ 3.25 శాతం వేస్తుంది. ఇంత చిన్న కోతే మన ఇంటికి అన్నిటికంటే అవసరం. నీ మీద ఆధారపడిన అమ్మకి కూడా ఈ కార్డు మీద వైద్యం దొరుకుతుంది, మందులతో సహా. నీ ఫోటోలో చీటీ పక్కన ఆమె మందుల బిల్లు కూడా పడింది, చూసి మనసు చివుక్కుమంది. ఆ డబ్బు నువ్వు జేబులోంచి పెట్టక్కర్లేదు. రేపు జీతం 21,000 దాటినా వెంటనే ఈఎస్‌ఐ ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు గడువులుంటాయి, నడుస్తున్న గడువు ముగిసేదాకా కొనసాగుతుంది.

చివర అడ్వాన్స్ రికవరీ అని ఒకటుంది. అది ఎంత, ఎందుకు తీసుకున్నావు అని నేను అడగను, ఇంట్లో ఎవరికీ చెప్పను. ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో మాత్రం ఆఫీసులో కాగితం మీద రాయించుకో. నోటి మాట మీద వదిలేస్తే తరువాత గొడవ పడాల్సి వస్తుంది.

ఫోటో నా ఫోనులోంచి తీసేశాను, నువ్వూ మన చాట్‌లోంచి తీసెయ్. బ్యాంకు ఖాతా నంబరు, యూఏఎన్, పాన్ మూడూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇకమీదట నాకు పంపినా సరే, వాటి మీద కాగితం ముక్క పెట్టి ఫోటో తియ్యి. లోను ఇప్పిస్తానని ఎవడైనా చీటీ అడిగితే ఇవ్వకు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

సోమవారం డ్యూటీకి వెళ్ళేటప్పుడు అమ్మ ఆధారూ, మీ ఇద్దరి ఫోటోలూ పట్టుకెళ్ళు. ఈఎస్‌ఐలో అమ్మ పేరు చేర్చమని టైమ్ ఆఫీసులో అడుగు. ఒడియాలో చెప్పడం ఇబ్బందైతే అక్కడి నుంచే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.