పాముకాటు: క్లాసు ఫోటోల నుంచి రాసిన నోట్స్

మెడికల్ సర్జికల్ నర్సింగ్, రెండో సంవత్సరం. ఆగస్టు 11, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు. మొత్తం 23 ఫోటోలు.

నువ్వు నాట్లకని ఊరెళ్ళిన రోజు క్లాసు ఇది. ఫోటోలు అలాగే పంపితే సగం చదవలేవని కూర్చుని రాశాను. కుడివైపు కాగితం అడ్డం పెట్టుకుని, ఎడమవైపు ప్రశ్నకి జవాబు పైకి చెప్పుకో, తర్వాత తీసి చూడు. ★ పెట్టినవి స్లైడ్ మీద లేవు, మేడమ్ నోటితో చెప్పినవి. 14వ ఫోటోలో ట్యూబ్‌లైటు వెలుగు సరిగ్గా అంకె మీద పడింది. ఆ అంకె ఊహించి వేయలేదు, క్లాసయ్యాక మేడమ్‌ని అడిగి వేశాను.

| ప్రశ్న | నోట్స్ |
|---|---|
| మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాములేవి? (ఫోటో 2, 3) | నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మొదటి రెండింటి విషం నరాల మీద, పింజరి జాతి విషం రక్తం మీద ప్రధానంగా పనిచేస్తుంది. నాగుపాము, పింజరి కాట్లకి కరిచిన చోట వాపు, నొప్పి ఉంటాయి. కట్లపాము కాటుకి దాదాపు ఏమీ కనిపించదు. |
| పాముకాటుని ఎప్పటి నుంచి పెద్ద సమస్యగా లెక్కలోకి తీసుకున్నారు? (ఫోటో 4) | నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2017లో చేర్చింది. 2030 నాటికి మరణాలు సగానికి తగ్గించాలని మన కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. |
| రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చాడు, కాటు గుర్తు లేదు. ఏం అనుమానించాలి? (ఫోటో 6, 7) | కట్లపాము. ఇది రాత్రిపూట తిరుగుతుంది. కోర సన్నం, కాటు నొప్పి పుట్టదు, పడుకున్నవాళ్ళకి మెలకువ కూడా రాకపోవచ్చు. ముందు కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, మెడ నిలవదు, చివరికి ఊపిరి కండరాలు ఆగుతాయి. ★ "కాటు గుర్తు లేదు కాబట్టి పాము కాదు" అని కేసు షీటులో ఎప్పుడూ రాయొద్దు. ★ రెప్పలు ఎత్తలేకపోతున్నా మనిషికి తెలివి ఉంటుంది, మన మాటలు వింటూ ఉంటాడు. పక్కన నిలబడి ఏదిపడితే అది మాట్లాడొద్దు. |
| నాగుపాముకి నియోస్టిగ్మిన్ పనిచేసి, కట్లపాముకి ఎందుకు అంతగా పనిచేయదు? (ఫోటో 8) | నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ విడుదలై కండరం మీది గ్రాహకానికి అంటుకుంటేనే కండరం కదులుతుంది. నాగుపాము విషం కండరం వైపు గ్రాహకాన్ని మూసేస్తుంది. నియోస్టిగ్మిన్ అసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా ఆపుతుంది, అది పోగుపడి విషాన్ని పక్కకి నెడుతుంది. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. విడుదలే లేనప్పుడు పోగుపడేదేముంది? ఆ కొస మళ్ళీ బాగుపడే దాకా వెంటిలేటర్ మీద రోజుల తరబడి నిలబెట్టాల్సిందే. నియోస్టిగ్మిన్‌కి ముందు అట్రోపిన్ ఇస్తారు. |
| 20 నిమిషాల రక్త పరీక్ష ఎలా చేయాలి? ఎక్కడ తప్పుతాం? (ఫోటో 10, 11, 12) | కొత్త, శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో అప్పుడే తీసిన రక్తం 2 మి.లీ. పోసి, మంచం పక్కనే కదలకుండా 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత ఒక్కసారి మాత్రమే వంచాలి. గడ్డ కడితే మామూలు. నీళ్ళలా కారితే పింజరి విషం రక్తంలోని ఫైబ్రినోజెన్‌ని ఖర్చు చేసేసిందని అర్థం. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, గడ్డకట్టటాన్ని మొదలుపెట్టేది గాజు తాకిడే. సబ్బుతో కడిగిన ట్యూబూ వద్దు, సబ్బు మిగిలితే మంచి రక్తమూ గడ్డకట్టదు. ★ నాలుగు నిమిషాలకోసారి ఎత్తి చూడొద్దు. మేడమ్ రెండు ట్యూబులు పక్కపక్కన పట్టుకుని వంచి చూపించారు. ఒకదాంట్లో రక్తం జున్నులా అడుగునే నిలిచింది, రెండోదాంట్లో గోడ వెంట జారి అంచు దాకా వచ్చింది. ఆ ఫోటో ఒక్కటీ విడిగా పంపుతున్నా. మొదటి పరీక్ష బాగుంటే అరగంటకోసారి 3 గంటల పాటు, ఆపైన గంటకోసారి మళ్ళీ చేయాలి. |
| పింజరి కాటులో ఇంకేం చూడాలి? (ఫోటో 13) | చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రంలో రక్తం, సూది గుచ్చిన చోట ఆగని రక్తం. రక్తపింజరి కిడ్నీలని దెబ్బతీస్తుంది, మూత్రం కొలత గంటగంటకీ రాయాలి. వాపు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి టైము వేయాలి. |
| విరుగుడు ఎప్పుడు, ఎంత, ఎలా? (ఫోటో 14 నుంచి 17) | ఏఎస్‌వి పై నాలుగు పాముల విషానికీ కలిపి గుర్రాల్లో తయారుచేసిన మందు. పాము కరిచిందన్నంత మాత్రాన ఇవ్వరు, విషం ఎక్కిన లక్షణం ఉంటేనే ఇస్తారు. మొదటి విడత 10 వయల్స్ (వెలుగు పడిన అంకె ఇదే). పిల్లలకీ అంతే డోసు, కరిచేది చిన్నపిల్లలనని పాము విషం తగ్గించదు కదా. పొడి వయల్‌లో 10 మి.లీ. నీళ్ళు కలిపి మెల్లగా తిప్పాలి, గిలకొడితే నురగ వస్తుంది. సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కించాలి. ముందస్తు టెస్ట్ డోసు అవసరం లేదు, అది రియాక్షన్‌ని ముందే చెప్పలేదు. పింజరి కాటైతే 6 గంటల తర్వాత గాజు ట్యూబు పరీక్ష మళ్ళీ చేయాలి. లివర్ కొత్త గడ్డకట్టే పదార్థాలు చేయటానికి అంత టైము పడుతుంది. |
| ఏఎస్‌వి ఎక్కేటప్పుడు నర్సు చేతిలో సిద్ధంగా ఉండాల్సింది? (ఫోటో 18) | సిరంజిలో తీసిపెట్టిన అడ్రినలిన్. దురద, దద్దుర్లు, చలి, వాంతి, బీపీ పడటం, ఆయాసం: ఏ ఒక్కటి కనిపించినా ముందు ఏఎస్‌వి ఆపు, డాక్టర్ని పిలువు. పెద్దవాళ్ళకి తొడ కండరంలో 0.5 మి.గ్రా. అడ్రినలిన్. తగ్గాక ఏఎస్‌వి మెల్లగా మళ్ళీ మొదలుపెడతారు. రియాక్షన్ వచ్చిందని మందు పూర్తిగా మానేయరు. |
| ఊళ్ళో చేసే పొరపాట్లేవి? (ఫోటో 20, 21) | బిగించి తాడు కట్టటం, బ్లేడుతో కోయటం, నోటితో పీల్చటం, పసరు పూయటం, మంత్రం వేయించటం. చేయాల్సింది: ధైర్యం చెప్పి, ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, విరిగిన ఎముకకి కట్టినట్టు బద్ద కట్టి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి తేవాలి. పాముని పట్టుకుని తేనక్కర్లేదు. ★ తాడు కట్టుకుని వచ్చినవాళ్ళకి డాక్టరు లేకుండా మనం విప్పకూడదు, ఆగిన విషం ఒక్కసారిగా పైకెక్కుతుంది. |

ఫోటో 22, 23 పరీక్ష తేదీలు, అవి నోటీసు బోర్డు మీదే ఉన్నాయి.

సారాంశం

నాగుపాము, కట్లపాము ఊపిరి ఆపుతాయి. పింజరులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. నొప్పి, గుర్తు లేకపోయినా కట్లపాము కాటు కావచ్చు కాబట్టి రెప్పలూ, మెడా చూడాలి. పింజరి విషాన్ని కొత్త గాజు ట్యూబులో 20 నిమిషాలు కదలకుండా ఉంచిన రక్తం చెబుతుంది. లక్షణం కనిపిస్తే ఏఎస్‌వి 10 వయల్స్, పక్కన అడ్రినలిన్ సిద్ధం. తాడు, కోత, పసరు వద్దు. బద్ద కట్టి వెంటనే ఆసుపత్రికి.