‘టిక్కెట్టు వెనుక చిల్లర’ కథల సంపుటి: ప్రచార ప్రణాళిక, సెప్టెంబరు 2026 – జనవరి 2027

నంద్యాల ఆర్టీసీ డిపోలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన రచయిత సొంత ఖర్చుతో వేసుకుంటున్న తొలి పుస్తకం ఇది. 14 కథలు, 136 పేజీలు, వెల 160 రూపాయలు. 500 ప్రతుల ముద్రణకు 31 వేలు చెల్లించడం పూర్తయింది. ప్రచారానికి మిగిలినవి 18 వేలే కనుక, ఆ సొమ్మును వేదికల మీద కాక, కథ చదివి మరొకరికి చెప్పగల మనుషుల చేతికి పుస్తకం చేర్చడానికి వాడాలని నిర్ణయించాము.

ఆ మనుషులలో మొదటివారు సాహిత్య పాఠకులు కారు, ఆర్టీసీ సిబ్బంది. పనిచేస్తున్నవారికీ, విశ్రాంత ఉద్యోగులకూ వాట్సాప్ గ్రూపులున్నాయి. వాటిలో రచయిత పేరు తెలియనివారు తక్కువ. అక్టోబరు మొదటి వారం నుంచి వారానికొకటి చొప్పున, ఒక్కో కథలోంచి మూడు నిమిషాల భాగాన్ని రచయిత తన నంద్యాల యాసలోనే చదవగా రికార్డు చేసి ఆ గ్రూపులకు పంపాలి. కథ కీలకఘట్టం దగ్గర ఆగిపోవాలి. చొక్కాకు తగిలించుకునే మైకు ఒకటి కొనాలి (1,200). మిగతా పని ఫోనుతోనే అవుతుంది.

ప్రచార సామగ్రిలో మేము ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది పేజీగుర్తు మీద. పాత బస్సు టిక్కెట్టు కొలతలో, అదే రకం పలచని రంగు కాగితం మీద 2,000 అచ్చువేయించాలి (2,400). ముందువైపు పుస్తకం పేరు, వెల, డబ్బు చెల్లించే క్యూఆర్ కోడ్, ఫోను నంబరు ఉంటాయి. వెనుకవైపు ఖాళీగా వదిలి, చిల్లర లేనప్పుడు కండక్టర్లు రాసిచ్చినట్లే, బాకీ అంకెను రచయిత స్వయంగా పెన్నుతో రాసి సున్నా చుట్టాలి. ఆ అంకె చెప్పి పుస్తకం కొన్నవారికి అంత సొమ్ము తగ్గించాలి. అది 10 రూపాయలు మించరాదు. రెండు వేల టిక్కెట్ల మీద చేతితో రాయడం శ్రమే అయినా, రచయిత దీనికి అందరికన్నా ముందు ఒప్పుకున్నారు.

ఆవిష్కరణ నవంబరు 15, ఆదివారం ఉదయం, గ్రంథాలయ వారోత్సవాలలో (14 నుంచి 20 వరకు) భాగంగా నంద్యాల శాఖా గ్రంథాలయంలో జరపాలని ప్రతిపాదన. గ్రంథపాలకుల అనుమతి సెప్టెంబరులోనే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖర్చు 4,500 దాటకూడదు: మైకు, ఒక ఫ్లెక్సీ, ఉగ్గాణి బజ్జీ, టీ. శాలువాలు, మెమెంటోలు వద్దు. ఒక్క శాలువా ఖర్చుతో మూడు ప్రతులు వస్తాయి. వక్తలు ఇద్దరే, వారిలో ఒకరు తప్పనిసరిగా డ్రైవరు. వేదిక మీదివారికి తప్ప ఉచిత ప్రతులు ఇవ్వరాదు. ఆ రోజు ధర 130 రూపాయలు. బంధువుల దగ్గర ఆ డబ్బు తీసుకోవడానికి రచయిత ససేమిరా అంటున్నారు కాబట్టి, అమ్మకపు బల్ల దగ్గర ఆయన కుమార్తె కూర్చుంటారు.

ఉచిత ప్రతులు మొత్తం 40. చట్టప్రకారం ప్రచురణ తేదీ నుంచి 30 రోజులలోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి పంపాలి. పత్రికలు సమీక్షకు సాధారణంగా రెండేసి ప్రతులు అడుగుతాయి కనుక ఎనిమిది పత్రికలకు 16. మిగిలిన 20లో వేదికకు ఐదు పోను, తక్కినవి ఫేస్‌బుక్‌లో పుస్తకాల గురించి శ్రద్ధగా రాసే పాఠకులకు, ముందుగా అడిగి, వారు సరేనన్న తరువాతే పంపాలి. తపాలాకు, కవర్లకు 1,400.

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. సొంత స్టాలు మన స్తోమతకు మించినది. తెలుగు పుస్తకాలు అమ్మే స్టాళ్లలో ప్రతులు ఉంచి, శని, ఆదివారాలలో రచయిత అక్కడ ఉండేలా చూడాలి, ప్రయాణాలకు 3,500. ఫేస్‌బుక్ ప్రకటనలకు 2,000 ఉన్నా, దానంతటదే బాగా నడిచిన పోస్టుకు మాత్రమే డబ్బు పెట్టాలి. అత్యవసరాలకు 3,000.

దుకాణాలకు 40 శాతం కమిషన్ పోతే మనకు 96 రూపాయలు మిగులుతాయి. నేరుగా తపాలాలో పంపితే ఖర్చులు, తగ్గింపు పోను సుమారు 130 వస్తుంది. ఈ లెక్కన నేరుగా 200, సభలో 80, దుకాణాల ద్వారా 130 ప్రతులు అమ్ముడైతే 48,880 రూపాయలు చేతికొస్తాయి. పెట్టుబడి 49 వేలకు ఒక నూట ఇరవై తక్కువ. దుకాణాల సొమ్ము ఆలస్యంగా వస్తుంది కనుక ఇచ్చిన ప్రతి కట్టకూ రసీదు తీసుకుని, నెలాఖరున ఫోను చేయాలి.

చేతిలో ఉంచిన 50 ప్రతులను జనవరి 31 వరకు కదిలించరాదు. ఆనాటికి అమ్మకం 300 దాటితే వాటిని కూడా అమ్మకానికి పెట్టి రెండో ముద్రణకు అచ్చాపీసు దగ్గర ధర కనుక్కోవాలి. దాటకపోతే అత్యవసర నిధిలో మిగిలిన సొమ్ముతో కర్నూలు, ఆళ్లగడ్డ, ఆత్మకూరు డిపోలలో ఒక్కో కథా పఠనం ఏర్పాటు చేయాలి.