మాదిరి పరీక్ష జవాబుపై సమీక్ష: గ్రామ సచివాలయాలు, పంచాయతీలు

ప్రశ్న: "గ్రామ సచివాలయ వ్యవస్థ గ్రామ పంచాయతీలను బలపరిచిందా, లేక వాటికి సమాంతరంగా నిలిచిందా? విమర్శనాత్మకంగా పరిశీలించండి." (250 పదాలు, 10 మార్కులు)

అమ్మా, శ్రీకాకుళంలో గత ఆదివారం జరిగిన గ్రూప్-1 మెయిన్స్ మాదిరి పరీక్షలో మీరు రాసిన ఈ జవాబును రెండుసార్లు చదివాను. పదికి నాలుగున్నర మార్కులు వేశాను. మీకు విషయ పరిజ్ఞానం ఉంది, చేతిరాత స్పష్టంగా ఉంది, పేరాల విభజన కూడా కంటికి కనిపిస్తోంది. అయినా మార్కులు తగ్గడానికి ప్రధాన కారణం, మీరు ప్రశ్నలో అడిగిన సంబంధాన్ని వదిలిపెట్టి సచివాలయాలు మంచివా కావా అనే వేరొక ప్రశ్నకు సమాధానం రాయడమే. ఇక్కడ తూకం వేయవలసింది పథకాన్ని కాదు, ఆ పథకం వల్ల ఎన్నికైన పంచాయతీ అధికారం పెరిగిందా తగ్గిందా అన్నదాన్ని.

ముందుగా పదాల లెక్క చూద్దాం. మీ జవాబులో మొత్తం 318 పదాలు ఉన్నాయి. వాటిలో ఉపోద్ఘాతానికి 94, అనుకూల అంశాలకు 132, ప్రతికూల అంశాలకు 54, ముగింపుకు 38 ఖర్చయ్యాయి. 68 పదాలు ఎక్కువ కావడం ఒక లోపమైతే, ఆ ఎక్కువంతా ఎక్కడ చేరిందన్నది అంతకంటే పెద్ద లోపం. బల్వంతరాయ్ మెహతా కమిటీ, 1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ ప్రారంభం, 1986 నాటి మండల వ్యవస్థ, ఇవన్నీ సరైన విషయాలే అయినా ఈ ప్రశ్నకు అవసరం లేదు. చదివినదంతా రాయాలనే తపన నాకు అర్థమవుతుంది కానీ, మూడు గంటల్లో పదిహేను ప్రశ్నలు రాసేటప్పుడు ఒక్కోదానికి దక్కేది పన్నెండు నిమిషాలే. అందులో నాలుగు నిమిషాలు చరిత్రకే పోతే విశ్లేషణకు చేయి ఆడదు. మీ చివరి రెండు పేరాల్లో అక్షరాలు గజిబిజిగా మారడం అందుకు నిదర్శనం.

ఉపోద్ఘాతాన్ని ఇలా కుదించవచ్చు: "73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి పంచాయతీలకు రాజ్యాంగ హోదా కల్పించింది. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాలు సేవలను గ్రామానికి చేర్చినా, ఆ సిబ్బందిపై పంచాయతీకి ఉన్న అధికారం ఎంత అన్నదే చర్చనీయాంశం." ఇది 29 పదాలే. చర్చ ఎటు వెళ్లబోతోందో దీన్ని చదవగానే పరీక్షకుడికి తెలిసిపోతుంది.

రెండో పేరాలో ఒక తప్పు వాక్యం ఉంది. "రాజ్యాంగం 29 అంశాలను పంచాయతీలకు బదిలీ చేసింది" అని రాశారు. 243జి అధికరణం చెప్పేది అది కాదు. పదకొండో షెడ్యూలులోని అంశాలపై పంచాయతీలకు అధికారాలు, బాధ్యతలు అప్పగిస్తూ రాష్ట్ర శాసనసభ చట్టం చేయవచ్చని మాత్రమే అది చెబుతుంది. ఈ తేడాను చిన్నదిగా చూడకండి. అప్పగింత రాష్ట్రం ఇష్టానికి వదిలివేయబడింది కాబట్టే, పంచాయతీకి పనులు ఇవ్వకుండానే గ్రామంలో మరొక వ్యవస్థను నిలబెట్టడం సాధ్యమైంది. అంటే మీరు పొరపాటుగా రాసిన ఆ వాక్యం సరిగా ఉంటే, మీ వాదనకు అదే బలమైన ఆధారమయ్యేది.

అనుకూల అంశాల్లో మీరిచ్చిన ఉద్దానం ఉదాహరణ నాకు చాలా నచ్చింది. మన జిల్లా అనుభవాన్ని జవాబులోకి తెచ్చే అభ్యర్థులు తక్కువ. కానీ కిడ్నీ వ్యాధి ఎప్పటి నుంచి ఉంది, ఏయే మండలాల్లో ఉంది, కారణాలపై ఎలాంటి చర్చ జరుగుతోంది అన్న వివరాలకు 41 పదాలు వెచ్చించారు. ఇక్కడ కావలసింది ఒకే వాక్యం: "ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు పింఛను దరఖాస్తు కోసం మండల కేంద్రానికి వెళ్లే అవసరం సచివాలయం వల్ల తగ్గింది." పదిహేను పదాల్లో పని పూర్తయింది, మిగిలిన 26 పదాలు ప్రతికూల వాదనకు దక్కాయి.

సమతుల్యత విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "సచివాలయాల రాకతో దళారీ వ్యవస్థ పూర్తిగా అంతమైంది" అన్న వాక్యానికి మీరు ఏ ఆధారమూ చూపలేదు. "పూర్తిగా" అని రాసిన వెంటనే పరీక్షకుడు దానికి విరుద్ధమైన ఒక్క ఉదాహరణను మనసులో వెతుక్కుంటాడు, దొరికితే మిగతా జవాబునూ అనుమానంతోనే చదువుతాడు. అలాగే వలంటీర్ల గురించి వర్తమాన కాలంలో రాశారు. 2024 జూలై 1న పింఛన్లను సచివాలయ ఉద్యోగులే ఇళ్లకు వెళ్లి అందించారు కనుక, యాభై ఇళ్లకొక వలంటీరు అన్న ఏర్పాటును గతంలో ఉన్నదిగానే చెప్పాలి. ప్రభుత్వాలు మారినప్పుడు వ్యవస్థలు ఎలా మారాయో తేదీతో చెప్పి ఊరుకోండి. ఏ పార్టీనీ మెచ్చుకోవద్దు, నిందించవద్దు. మీ జవాబులో అలాంటి మొగ్గు ఉందని నేననను గానీ, విశేషణాలు ఎక్కువైనప్పుడు చదివేవారికి అలా తోచే ప్రమాదం ఉంది.

ఇక మీరు అసలు తాకని అంశం ఒకటుంది, ప్రశ్నకు గుండెకాయ అదే. రాష్ట్రంలో గ్రామ పంచాయతీలు 13 వేలకు పైగా ఉండగా గ్రామ సచివాలయాలు 11 వేలకు పైగా ఉన్నాయి. సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున ఏర్పాటు చేయడంతో, చిన్న పంచాయతీలు రెండు మూడు కలిసి ఒకే సచివాలయం కిందికి వచ్చిన చోట్లు ఉన్నాయి. అప్పుడు ఆ సిబ్బంది ఏ సర్పంచికి జవాబుదారీగా ఉండాలి? వ్యవసాయ సహాయకుడు వ్యవసాయ శాఖకు, ఏఎన్ఎం వైద్యారోగ్య శాఖకు, సంక్షేమ సహాయకుడు సంక్షేమ శాఖకు లోబడి పనిచేస్తుంటే, ఓటు వేసి గెలిపించిన సర్పంచి మాటకు విలువ ఎంత? మరోవైపు, గతంలో ఒక్క కార్యదర్శితో నెట్టుకొచ్చిన పంచాయతీ ఆవరణలో ఇప్పుడు ఇంజినీరింగ్, సర్వే, డిజిటల్ సిబ్బంది కూడా ఉన్నారన్నది వాస్తవం. ఈ సామర్థ్యం పంచాయతీ అదుపులోకి వస్తే అది బలం అవుతుంది, రాకపోతే సమాంతర వ్యవస్థ అవుతుంది. మీ తీర్పు ఈ షరతు మీద నిలబడాలి.

"గాంధీజీ కలలుగన్న గ్రామ స్వరాజ్యం సాకారమవుతుందని ఆశిద్దాం" అన్న ముగింపు ఏ పంచాయతీ ప్రశ్నకైనా అతుకుతుంది, అందుకే దీనికి మార్కు రాదు. దాని స్థానంలో మీ తీర్పును సూటిగా చెప్పి, రెండు సూచనలు చేయండి. సచివాలయ సిబ్బంది పనితీరును 243ఎ అధికరణం కింద ఏర్పడిన గ్రామసభ ముందు క్రమం తప్పకుండా ఉంచాలన్నది ఒకటి; సిబ్బంది పర్యవేక్షణను చట్టం ద్వారానే పంచాయతీకి అప్పగించాలన్నది రెండోది. ఆ వాక్యాలు నేను రాసి ఇవ్వను, మీ మాటల్లోనే రావాలి.

ఉపోద్ఘాతానికి 30, ఇరువైపుల వాదనలకు దాదాపు 85 చొప్పున, ముగింపుకు 45 పదాలు పెట్టుకుని, గడియారం ముందుంచుకుని పన్నెండు నిమిషాల్లో మళ్లీ రాయండి. పన్నెండో నిమిషానికి ఎక్కడ ఆగితే అక్కడే గీత గీసి, వచ్చే ఆదివారం పాత ప్రతితో కలిపి తీసుకురండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను.