మా బడి గురించి: వచ్చి చూశాకే చేర్చండి

మాది అవనిగడ్డలో ఎల్‌కేజీ నుంచి పదో తరగతి వరకు ఉన్న చిన్న ఇంగ్లీష్ మీడియం బడి. ఈ ఏడాది 214 మంది పిల్లలు, 14 మంది టీచర్లు ఉన్నారు. అన్నిటికంటే పెద్ద క్లాసు మూడోది, 27 మంది. చిన్నది తొమ్మిదోది, 11 మంది.

మొన్నమొన్నటి దాకా మా పాంప్లెట్ల మీద "దివిసీమలోనే నంబర్ వన్" అని ఉండేది. రెండేళ్ల కిందట పాపను చేర్చడానికి వచ్చిన ఒక ఆటో డ్రైవరు గారు "ఈ నంబరు ఎవరిచ్చారండీ?" అని అడిగారు. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ మాట తీసేశాం. "అంతర్జాతీయ ప్రమాణాలు", "అపార అనుభవం గల అధ్యాపక బృందం" కూడా దాని వెనకే వెళ్లిపోయాయి. ఇక్కడ మిగిలినవన్నీ మీరు బడికి వచ్చి సరిచూసుకోగలిగినవే.

ఎలా మొదలైంది

2006 జూన్‌లో, అద్దెకు తీసుకున్న పెంకుటింట్లో, 31 మంది పిల్లలతో మొదలుపెట్టాం. ప్రభుత్వ బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు ఒకరు, బీఈడీ చదివిన ఆయన కోడలు కలిసి పెట్టిన బడి ఇది. మాస్టారు ఇప్పుడు లేరు. కోడలే హెడ్‌మిస్ట్రెస్. ఇప్పటికీ ఆరో తరగతికి లెక్కలు ఆవిడే చెబుతారు.

1977 నవంబర్ 19 నాటి ఉప్పెనను మాస్టారు కళ్లారా చూశారు. 2011లో సొంత స్థలంలో కట్టేటప్పుడు, రోడ్డు కంటే మూడున్నర అడుగులు మెరక చేయిస్తే గానీ పునాది వేయనివ్వలేదు. మట్టికే డబ్బు అయిపోయి పై అంతస్తు నాలుగేళ్లు ఆగింది. అప్పుడు విసుక్కున్నవాళ్లం ఇప్పుడు ఆ మాట ఎత్తం. 2024 సెప్టెంబర్‌లో కృష్ణకు వరద వచ్చినప్పుడు మా గదుల్లోకి నీళ్లు రాలేదు. కానీ లంకల నుంచి వచ్చే పిల్లలు వారం పైనే రాలేకపోయారు. నిరుడు అక్టోబర్‌లో మొంథా తుపానుకు కూడా బడి మూయాల్సి వచ్చింది. అలా పోయిన రోజులకు రెండో శనివారాల్లో క్లాసులు పెడతాం. ఈ సంగతి ముందే తెలిస్తే, ఆ శనివారాలు ఊళ్లకు ప్రయాణాలు పెట్టుకోకుండా ఉంటారని చెబుతున్నాం.

టీచర్లు

పద్నాలుగు మందిలో తొమ్మిది మంది బీఈడీ, ముగ్గురు డీఈడీ చేసినవాళ్లు. మిగిలిన ఇద్దరూ ఎల్‌కేజీ, యూకేజీ చూసుకుంటారు. వాళ్లు డిగ్రీ చదివారు గానీ టీచర్ ట్రైనింగ్ లేదు. ఒకరు ఈ ఏడాది ట్రైనింగ్‌లో చేరారు.

ఒక విషయం దాచిపెట్టలేం. డీఎస్సీ కోచింగ్‌కి పేరున్న ఊరు మనది. మా టీచర్లలో వయసులో చిన్నవాళ్లు చాలామంది పగలు మా దగ్గర పాఠాలు చెప్పి, రాత్రి ఆ పరీక్షకే చదువుకుంటారు. 2025 మెగా డీఎస్సీలో ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. స్వీట్లు పంచాం. ఆ తర్వాత ఎనిమిదో తరగతి ఫిజిక్స్‌కి నెల రోజులు సరైన మనిషి దొరక్క టెన్షన్ పడ్డాం కూడా. ఇకముందు ఎవరూ మానరని హామీ ఇవ్వలేం. ఎవరు ఎక్కడిదాకా చెప్పారో, ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో రాసి పెట్టే పుస్తకం ప్రతి సబ్జెక్టుకూ ఉంచుతున్నాం. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి అక్కడి నుంచి అందుకుంటారు. మీరూ ఆ పుస్తకం అడిగి చూడొచ్చు. పదేళ్లకు పైగా ఉన్న టీచర్లు ఐదుగురు. కింది తరగతులు ఎక్కువగా వాళ్లకే ఇస్తాం. అక్కడ చదవడం, రాయడం కుదరకపోతే పైన ఎవరున్నా కష్టమే.

పదో తరగతి ఫలితాలు

2023లో 11 మంది రాశారు, 11 మందీ పాసయ్యారు. ఆ ఏడాది ఫ్లెక్సీ మీద "నూరు శాతం" అని పెద్దక్షరాలతో వేయించాం. రాసింది పదకొండు మందేనని మాత్రం వేయించలేదు.

2024లో 13 మంది రాస్తే 12 మంది పాసయ్యారు. 2025లో 14 మంది రాస్తే 12 మంది. ఆ ఏడాది 600కి ఎక్కువ మార్కులు 548, పాసైనవాళ్లలో తక్కువ మార్కులు 311. తప్పిన ఇద్దరూ లెక్కల్లోనే తప్పారు. ఒకరు సప్లిమెంటరీలో గట్టెక్కారు. ఇంకొకరు మళ్లీ రాయాలి. సాయంత్రాలు వచ్చి మా లెక్కల మాస్టారి దగ్గరే కూర్చుంటున్నారు, దానికి ఫీజు తీసుకోవడం లేదు.

తొమ్మిదిలో వెనకబడ్డవాళ్లకు టీసీ ఇచ్చి పంపించేస్తే శాతం బాగా కనిపిస్తుంది. ఆ పని మేం చేయం. అందుకే మా అంకెలు ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటాయి. 548 వచ్చిన పాప ఫొటో కూడా ఫ్లెక్సీ మీద వేయలేదు. వాళ్ల నాన్న కొంచెం నొచ్చుకున్నారు, ఆయన బాధ మాకూ అర్థమైంది.

చదువు ఎలా ఉంటుంది

మీడియం ఇంగ్లీషే గానీ, మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఇంగ్లీష్ వినపడదు. ఒకటి, రెండు తరగతుల్లో పాఠం ముందు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, తర్వాత ఇంగ్లీష్‌లోకి వెళతాం. "మా బాబు ఏడాదిలో గడగడా మాట్లాడతాడా?" అని అడుగుతుంటారు. మాట్లాడడు. మూడో తరగతి చివరికి తన పాఠ్యపుస్తకం తనే చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పగలగాలన్నది మా లెక్క. క్లాసులో ఇద్దరు ముగ్గురు అప్పటికీ చెప్పలేరు. వాళ్లకు నాలుగో తరగతిలో మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట విడిగా చదివిస్తాం.

తెలుగు పుస్తకం రోజూ పావుగంట పైకి చదివించడం మొదటి నుంచీ ఉంది. మాస్టారు పెట్టిన అలవాటు. లైబ్రరీలో 1,100 పుస్తకాల దాకా ఉన్నాయి. శనివారం ఇంటికి తీసుకెళ్లొచ్చు. చిరిగిన పుస్తకానికి జరిమానా లేదు, అంటించి తెస్తే చాలు.

ఐఐటీ ఫౌండేషన్ కోర్సులు లేవు. హాస్టల్ లేదు. పదో తరగతికి మాత్రం జనవరి నుంచి సాయంత్రం ఆరు దాకా స్టడీ అవర్ ఉంటుంది.

కొట్టడం గురించి చాలామంది అడుగుతారు. కొందరు "రెండు వేయండి సార్, భయం ఉంటుంది" అని వాళ్లే చెబుతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించే శిక్షలను నిషేధించింది. అది అందరికీ తెలిసినా అందరూ పాటించరు. మా దగ్గరా నాలుగేళ్ల కిందట ఒక టీచరు స్కేలుతో కొట్టారు. తల్లి వచ్చి అడిగితే, ఆవిడ ముందే తప్పు ఒప్పుకున్నాం. ఆ టీచరు తర్వాత మా దగ్గర కొనసాగలేదు. మీ పిల్లలు ఇంటికొచ్చి అలాంటిది ఏదైనా చెబితే, వాళ్లు అబద్ధమాడుతున్నారని మీకై మీరు తేల్చేయకుండా ముందు మాకు చెప్పండి.

మా దగ్గర లేనివి

సొంత ఆటస్థలం లేదు. పక్కనున్న అరెకరం ఖాళీ స్థలం అద్దెకు తీసుకున్నాం. వానాకాలంలో అందులో నీళ్లు నిలుస్తాయి. ఆ నెలల్లో క్యారమ్స్, చెస్, వరండాలో తాడాటతో సరిపెడతాం. పిల్లలకు అది చాలదని తెలుసు. కంప్యూటర్లు ఎనిమిది, ఒక్కోదాని ముందు ఇద్దరు కూర్చోవాలి. ఏసీ గదులు లేవు. ప్రొజెక్టర్ ఒకటే ఉంది, దాన్ని ఏ క్లాసుకు కావాలంటే ఆ క్లాసుకు మోసుకెళతారు. సైన్స్ ప్రయోగాలకు ఒక గది ఉంది, ఆరు నుంచి పది దాకా వారానికొకసారి వాడతారు.

బస్సులు రెండు. ఒకటి కోడూరు వైపు, ఒకటి నాగాయలంక వైపు. స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుంది. బడి తెరిచేలోగా కొత్తది తీసుకుంటాం. ఆ కాగితం డ్రైవరు దగ్గర ఉంటుంది, అడగండి. ఎదురుమొండి వైపు నుంచి పడవ దాటి వచ్చే పిల్లలను నాగాయలంకలో ఎక్కించుకుంటాం గానీ, రేవు దాకా తీసుకొచ్చే బాధ్యత పెద్దలదే.

ఫీజులు

2026-27కి ఎల్‌కేజీ, యూకేజీ 12,000 రూపాయలు. ఒకటి నుంచి ఐదు వరకు 14,000. ఆరు నుంచి పది వరకు 18,000. మూడు విడతల్లో కట్టొచ్చు. బస్సుకు నెలకు 600. డొనేషన్ లేదు. ప్రతి రూపాయికీ రసీదు ఇస్తాం. పుస్తకాలు, యూనిఫాం మా దగ్గరే కొనాలన్న రూలు లేదు. లిస్టు ఇస్తాం, ఎక్కడైనా కొనుక్కోండి. పైతరగతి పిల్లల పాత పుస్తకాలు తీసుకున్నా అభ్యంతరం లేదు. ఫీజు బాకీ ఉందని పిల్లలను క్లాసులో నిలబెట్టం, హాల్‌టికెట్ ఆపం. మీతోనే మాట్లాడతాం. కొన్నిసార్లు గట్టిగానే మాట్లాడాల్సి వస్తుంది, ఎందుకంటే టీచర్ల జీతాలు ఆ డబ్బులోంచే ఇవ్వాలి.

విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో 25 శాతం సీట్లకు ప్రభుత్వం ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటుంది. ఆ సీట్లలో వచ్చిన పిల్లలు ఇప్పుడు మా దగ్గర 9 మంది ఉన్నారు. వాళ్లెవరో క్లాసులో ఎవరికీ చెప్పం, మీరు అడిగినా చెప్పం.

చేరాలనుకుంటే

ఆఫీసు గదిలో గోడకు గుర్తింపు పత్రం, ఫైర్ అనుమతి, భవనం పటిష్టతకు ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ తగిలించి ఉంటాయి. గుర్తింపు ఏ తరగతి వరకు ఉంది, ఏ ఏడాది వరకు ఉంది అన్నది చదవండి. మా బడికే కాదు, ఎక్కడికెళ్లినా చదవండి. పదకొండు అంకెల యూడైస్ కోడ్ గేటు పక్క బోర్డు మీద రాసి ఉంది.

బడి నడిచే ఏ రోజైనా పది నుంచి పన్నెండు లోపు వస్తే ఏదో ఒక క్లాసులో వెనక బెంచీ మీద పావుగంట కూర్చోవచ్చు. ముందుగా చెప్పి రానక్కర్లేదు. గేటు దగ్గర పేరు రాసి వస్తే చాలు. హెడ్‌మిస్ట్రెస్‌ గారు సాయంత్రం నాలుగుంపావు నుంచి ఐదు దాకా తల్లిదండ్రుల కోసమే ఉంటారు. బయట ఎక్కువమంది ఉంటే కాసేపు ఆగాల్సి వస్తుంది.

చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయం. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, పాత బడి టీసీ తెస్తే పని తొందరగా అవుతుంది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు టీసీ రావడం ఆలస్యమైనా ముందు క్లాసులో కూర్చోబెడతాం, కాగితాలు తర్వాత చూసుకుందాం. క్లాసుకు 28 మందికి మించి తీసుకోం. మూడో తరగతిలో ఒక్క సీటే ఉంది, ఐదులో నాలుగు ఉన్నాయి. జూన్ 12న బడి తెరుస్తాం.